డబ్బు కట్ అయ్యే ముందు రోజు

అమ్మలూ,

నువ్వు నెలనెలా పంపే పొడుల బాక్సును మూడో నెలకల్లా సగంమంది ఆపేస్తున్నారని ఫోన్‌లో చెప్పావు. పొడుల రుచి మార్చాలా అని అడిగావు. రుచి జోలికి వెళ్లకు, ముందు తేదీలు చూడు.

ఆటోపేలో డబ్బు తీసుకునే ముందు, కనీసం 24 గంటల ముందుగా కస్టమర్‌కు మెసేజ్ వెళ్లాలన్నది 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఉంచుకోవాలా, ఆపేయాలా అని మనిషి ఆలోచించేది ఆ మెసేజ్ చూసినప్పుడే. నువ్వు 1వ తేదీన డబ్బు తీసుకుని, 10వ తేదీకి బాక్సు చేరుస్తున్నావు. మళ్లీ మెసేజ్ వచ్చేసరికి దాన్ని విప్పి ఇరవై రోజులైంది, ఆ సంబరం ఎవరికి గుర్తుంటుంది?

మల్లేశ్వరంలో నా పచ్చళ్ల బాక్సు నడిపిన రోజుల్లో నేనూ ఇదే తప్పు చేశాను. తర్వాత డబ్బు తేదీ ముట్టుకోకుండా, బాక్సు 25కల్లా చేరేలా పంపడం మొదలుపెట్టాను. మార్చిన ఆ ఒక్క నెల పదిహేను రోజులు ఆలస్యమవుతుంది కదా, అందుకని ముందే ఫోన్ చేసి చెప్పి, మధ్యలో ఒక చిన్న సీసా పంపాను. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం మొదటి బాక్సు వెంటనే పంపెయ్, వాళ్లను 25 దాకా ఆపకు.

బాక్సు తెరవగానే పైన ఒక చీటీ కనపడాలి. "ప్రియమైన కస్టమర్" అని వద్దు. "ఈసారి కందిపొడిలో వెల్లుల్లి తగ్గించాం, నెయ్యి కాస్త ఎక్కువే వేసుకోండి" అని ఇంట్లో మనిషి చెప్పినట్టు రాయి. నూనె కారిన సీసా ఒక్కటి ఉన్నా ఆ చీటీ ఎవరూ చదవరు, కాబట్టి మూత మీద సీలు వేసి, విడిగా కవర్లో పెట్టు.

అదనంగా పెట్టే చిన్న కానుక దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. నెలనెలా గోంగూర పచ్చడి చిన్న డబ్బా ఉచితంగా వేసేదాన్ని. నాలుగో నెల వేయకపోతే "మాది మర్చిపోయారా" అని ఫోన్లు! అది వాళ్ల హక్కైపోయింది. అందుకే ప్రతి నెలా వద్దు, ఉందని ముందుగా చెప్పనూ వద్దు. జనం జారిపోయే రెండో, మూడో బాక్సుల్లో వెయ్యి, అదీ వాళ్లు అన్న మాటను బట్టి. మా అత్తగారికి కారం పడదని ఒకావిడ రాస్తే, ఆమె కోసం విడిగా నువ్వుల పొడి యాభై గ్రాములు పంపాను. తర్వాతి నెల ఆవిడే ఇంకొకరిని చేర్పించింది.

సీసాలు ఖాళీ కాకపోతే మాత్రం ఏ కానుకా పనిచేయదు. 27న నువ్వే మెసేజ్ పెట్టు: "పాత సీసాలు ఇంకా మిగిలి ఉంటే వచ్చే నెల ఆపుకోండి, ఆ పై నెల పంపుతాం." ఒక నెల ఆగినవాళ్లు తిరిగొస్తారు, విసిగి రద్దు చేసినవాళ్లు రావడం కష్టం.

ఖాతాలో డబ్బు లేక ఆగిపోయినవాళ్లను, కావాలని ఆపినవాళ్లను వేరువేరు కాగితాల మీద రాయి. మొదటివాళ్లకు ఒక్క ఫోన్ చాలు. ఆ రెండు లెక్కలూ ఆదివారం నాకు పంపు.

మీ పెద్దమ్మ