రమ్యకు మామయ్య రాసిన కాఫీ ఉత్తరం

మహబూబ్‌నగర్,
మార్చి 8

రమ్యా,

నువ్వు పంపిన రెండు కాఫీ ప్యాకెట్ల ఫొటోలు చూశాను. మీ అత్త కళ్లద్దాలు కూడా పెట్టుకుని, వెనకవైపు చిన్న అక్షరాలన్నీ చదివాను. 640 రూపాయలు పెట్టి కొన్నది పుల్లగా, పలచగా ఉందని, 410 రూపాయలది ఇంటిల్లిపాదికీ నచ్చిందని రాశావు. "ఖరీదైనదాని మీద 1,450 మీటర్ల ఎత్తున పండింది అని రాసుంది కదా మామయ్యా, అంత ఎత్తుది ఎందుకిట్లుంది?" అని అడిగావు. మోసపోయానని టెన్షన్ పడకు. ఆ గింజలు చెడ్డవి అయి ఉండవు. ఆ ప్యాకెట్ మీద రాసినవాటిలో నువ్వు చూడాల్సింది ఒకటి, చూసింది ఇంకొకటి.

నేను చిక్కమగళూరు వైపు ఒక ఎస్టేట్‌లో చాలా ఏళ్లు రైటర్‌గా పనిచేశానని నీకు తెలుసు. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు, కూలీల హాజరు, గింజల లెక్క రాసేవాడు. తర్వాత ఇక్కడ క్లాక్ టవర్ దగ్గర చిన్న కాఫీ పొడి దుకాణం నడిపాను. కాబట్టి గింజ చెట్టు మీద ఉన్నప్పుడు ఎట్లుంటుందో, మీ ఇంటి ఫిల్టర్‌లోకి వచ్చేసరికి ఎట్లా తయారవుతుందో రెండూ చూశాను.

మొదట తేదీ సంగతి. నీ రెండో ప్యాకెట్ మీద "రోస్టెడ్ ఆన్" అని ఫిబ్రవరి 20 వేశారు. నువ్వు మార్చి 1న కొన్నావు, అంటే వేయించి తొమ్మిది రోజులు. మొదటి దాని మీద "ప్యాక్డ్ ఆన్" జనవరి 12 అని, కింద బెస్ట్ బిఫోర్ 12 నెలలు అని ఉంది. వేయించింది ఎప్పుడో లేదు. ఈ రెండు మాటలూ ఒకటే అనుకుంటారు చాలామంది, నేనూ ఒకసారి అనుకున్నాను. దుకాణం పెట్టిన కొత్తలో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర వేయించిన గింజలు తెచ్చాను. ప్యాకింగ్ తేదీ వారం కిందటిదే. తీరా అడిగితే, నాలుగు నెలల కిందట వేయించి బస్తాలో పెట్టి, ఆర్డర్ వచ్చినప్పుడు చిన్న సంచుల్లోకి ఎత్తుతున్నారట. తేదీ అబద్ధం కాదు. కానీ అది సంచి తేదీ, గింజ తేదీ కాదు.

దీన్ని మనకు తెలిసిన పల్లీలతో చెప్తాను. వేడివేడిగా వేయించిన పల్లీలు రెండు రోజులు కమ్మగా ఉంటాయి, నెల తర్వాత అదే డబ్బా మూత తీస్తే మక్కిన నూనె వాసన కొడుతుంది. కాఫీ గింజలోనూ నూనె ఉంది. గాలి తగిలినకొద్దీ వాసన పోతుంది, నూనె మక్కుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది: వేయించేటప్పుడు గింజలో బొగ్గుపులుసు గాలి నిండిపోతుంది, ఆ గాలి రోజుల తరబడి మెల్లగా బయటకు వస్తుంది. ప్యాకెట్ ముందువైపు గుండ్రంగా బొత్తాం లాంటిది ఉంది చూశావా, అది లోపలి గాలిని బయటకు పంపి, బయటి గాలిని లోపలికి రానివ్వని వాల్వ్.

అందుకని మరీ ఆ రోజే వేయించిందీ మంచిది కాదు. గాలి ఎక్కువగా ఉంటే ఫిల్టర్‌లో పొడి ఉబ్బిపోయి నీళ్లు సరిగ్గా దిగవు, డికాక్షన్ పలచగా వస్తుంది. మన స్టీల్ ఫిల్టర్‌కు, కాస్త ముదురుగా వేయించిన గింజైతే, వేయించిన నాలుగైదు రోజుల నుంచి నెల, నెలన్నర దాకా మంచి కాలం. లేతగా వేయించినది రెండు వారాలు ఆగితే మేలు. ఇది గింజలకు చెప్పే లెక్క. పొడి కొట్టించాక మాత్రం వారంలోనే తేడా తెలుస్తుంది. మీ ఇంట్లో రోజుకు సుమారు 20 గ్రాముల పొడి వాడతారనుకుంటే 250 గ్రాములు పన్నెండు రోజులు వస్తుంది. పొడే కొనేటట్టయితే అంతకంటే పెద్ద ప్యాకెట్ జోలికి పోవద్దు. మీ నల్లగొండ ఎండల్లో అయితే మరీనూ, మే నెలలో కొరియర్ బండిలో మూడు రోజులు ఉడికి వచ్చిన కాఫీ ఎట్లుంటుందో నేను వేరే చెప్పనక్కర లేదు.

బెస్ట్ బిఫోర్ అన్నది సరుకు అమ్మకానికి తగ్గట్టు ఉంటుందని తయారీదారు వేసే గడువే. గింజ ఎంత తాజాదో దాన్ని బట్టి తెలియదు.

తేదీ లేనప్పుడు ఎట్లా తెలుసుకోవాలంటావా? ఒక చెంచా పొడి గ్లాసులో వేసి, మరిగి దించిన నీళ్లు కొంచెం పొయ్యి. తాజాదైతే నురగతో ఉబ్బి పైకి లేస్తుంది. పాతదైతే బురదలా తడిసి ఊరుకుంటుంది. మొన్న నువ్వు ఫోన్‌లో ఒక్క మాట అన్నావు, 640 రూపాయలది నీళ్లు పోస్తే కదలనే లేదని. అప్పుడే నాకు సగం అర్థమైంది.

మిగతా సగం అది ఎంత వేయించారు అన్న దాంట్లో ఉంది. ఆ ప్యాకెట్ మీద "లైట్ రోస్ట్" అని, రెండో దాని మీద "మీడియం డార్క్" అని ఉంది. ఇది నువ్వు పట్టించుకోలేదు కానీ, పాలు పోసుకుని తాగే ఇంటికి తేదీ తర్వాత చూడాల్సింది ఇదే. లేతగా వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, సారం తొందరగా దిగదు. మన ఫిల్టర్‌లో నీళ్లు తమ బరువుకే చుక్కచుక్కగా దిగుతాయి తప్ప వెనక నుంచి ఒత్తిడి ఏమీ ఉండదు. పులుపు ముందే దిగిపోతుంది, తీపి, చిక్కదనం లోపలే ఉండిపోతాయి. దాని మీద పాలు పోస్తే ఆ కాస్త పూల వాసనా మునిగిపోతుంది. నువ్వు తాగింది అదే.

ఇప్పుడు ఎత్తు సంగతికి వస్తాను. ఎత్తుకు వెళ్లినకొద్దీ చల్లగా ఉంటుంది, వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీలకు పైనే తగ్గుతుంది. చల్లటిచోట పండు నిదానంగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది, పులుపూ వాసనా బాగా వస్తాయి. ఇదంతా నిజమే. కానీ 1,050 మీటర్లకూ 1,150 మీటర్లకూ ఒక డిగ్రీ తేడా కూడా ఉండదు. నీడ చెట్లు ఎట్లున్నాయి, పండు ఎర్రబడేదాకా ఆగి కోశారా లేదా అన్నవాటి ముందు ఆ తేడా ఏపాటిది? పైగా ఒక ప్రాంతం ఎత్తును ఇంకో ప్రాంతం ఎత్తుతో పోల్చకూడదు. భూమధ్యరేఖకు దూరం జరిగినకొద్దీ తక్కువ ఎత్తులోనే అంత చల్లదనం దొరుకుతుంది. అరకు చిక్కమగళూరు కంటే బాగా ఉత్తరాన ఉంది. అందుకే అరకు ప్యాకెట్ మీద వెయ్యి మీటర్లు అని ఉంటే ఇది తక్కువ రకం అనుకోవద్దు. ఎత్తు అంకె చూసి ఇది అరబికా రకం అయి ఉంటుందని ఊహించవచ్చు, ఎందుకంటే మన దేశంలో రోబస్టా అనే రెండో కాఫీ రకాన్ని ఎక్కువగా అంతకంటే కిందే పెంచుతారు. పులుపు ఎక్కువ ఉండొచ్చని కూడా ఊహించవచ్చు. ఎక్కువ డబ్బు పెట్టడానికి మాత్రం అది కారణం కాదు.

ఊరి పేరు గురించి ఒక్క మాట. "ప్రొడ్యూస్ ఆఫ్ ఇండియా" అని మాత్రమే ఉంటే ఏమీ చెప్పనట్టే. జిల్లా పేరు ఉంటే కొంత నయం, ఎస్టేట్ పేరు కూడా ఉంటే ఇంకా మంచిది, బాగా లేకపోతే అడగడానికి ఒక మనిషి ఉన్నాడన్నమాట. చిక్కమగళూరు, కొడగు, అరకు అరబికాలకు 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర గింజ ఎక్కడిదో చెబుతుంది, ఎప్పుడు వేయించారో చెప్పదు.

ఊరి కంటే రుచిని ఎక్కువ మార్చేది పండును ఆరబెట్టిన తీరు. దాన్ని ప్యాకెట్ మీద "వాష్డ్" అనో "నేచురల్" అనో రాస్తారు. వాష్డ్ అంటే పండు తోలు తీసి, జిగురు పోయేదాకా కడిగి, గింజను కళ్లంలో ఆరబెట్టడం. రుచి శుభ్రంగా ఉంటుంది. నేచురల్ అంటే మనం మిరపకాయలు ఆరబెట్టినట్టు పండును పండుగానే ఎండబెట్టడం. అది సరిగ్గా చేస్తే పండు వాసన వస్తుంది, సరిగ్గా తిరగేయకపోతే పులిసిన వాసన వస్తుంది. పాత పద్ధతి ప్యాకెట్ల మీద "ప్లాంటేషన్ ఏ" అని ఉంటుంది. దాన్ని చూసి ఏదో తోట పేరు అనుకోకు. కడిగి ఆరబెట్టిన అరబికాను మన దేశంలో ప్లాంటేషన్ అంటారు, ఏ అన్నది గింజ సైజు. నీ రెండు ప్యాకెట్లూ వాష్డే, కాబట్టి ఇక్కడ దీనితో తేడా రాలేదు.

రుచుల సంగతి అడిగావు. "మల్లె, నారింజ, తేనె" అని రాశారు, ఒక్కటీ తగల్లేదని కోపం వచ్చింది నీకు. అందులో మల్లెపువ్వులూ వేయలేదు, తేనే కలపలేదు. కలిపితే కావలసిన పదార్థాల వరుసలో ఆ మాట రాయాలి. అవి ఎవరో చాలా కాఫీలు తాగే మనిషి, ఆ పులుపు ఎట్లాంటిది, ఆ తీపి ఎట్లాంటిది అని పోలిక చెప్పడం. నిమ్మకాయ పులుపు వేరు, మీ నల్లగొండ బత్తాయి పులుపు వేరు అని నువ్వు చెప్పగలవు కదా, అట్లాంటిదే. దాన్ని జాబితాలా కాకుండా దిక్కులా చదువు. పూలు, పండ్లు రాసి ఉంటే పులుపు ఎక్కువ, పాలు లేకుండా తాగడానికి చేసింది. చాక్లెట్, బెల్లం, వేయించిన పల్లీలు రాసి ఉంటే పులుపు తక్కువ, పాలల్లో నిలబడుతుంది. నీ 410 రూపాయల దాని మీద ఏమని ఉందో ఒకసారి చూడు: చాక్లెట్, బెల్లం. మీ ఇంట్లో అందరికీ నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

పదార్థాల వరుస అన్నాను కాబట్టి ఇదీ చెప్తాను. చికోరీ ఉంటే ఎంత శాతమో ప్యాకెట్ మీద వేసి తీరాలి, సగానికి పైగా కాఫీయే ఉండాలి. చికోరీ చెడ్డదని నేను అనను, ఇరవై శాతం దాకా నేనూ ఇష్టంగా తాగుతాను. కానీ నలభై శాతం చికోరీ ఉన్న ప్యాకెట్ మీద ఎత్తు, ఎస్టేట్, మల్లెపూలు రాస్తే నవ్వుకుని పక్కన పెట్టు.

మిగిలిపోయిన ఆ ఖరీదైన గింజల్ని పారేయకు. కొంచెం సన్నగా పట్టించి, గుడ్డలో 15 గ్రాములు వేసి, మరిగి దించిన నీళ్లు పావు లీటరు దాకా మెల్లగా పొయ్యి. పాలు వద్దు, చక్కెర కావాలంటే చిటికెడు. పాతబడింది కాబట్టి పూల వాసన రాకపోవచ్చు, పులుపు మాత్రం ఇంత మొండిగా ఉండదు.

ఈసారి కొనేటప్పుడు ఆ దుకాణానికి ఫోన్ చేసి, ఎప్పుడు వేయించారు, ఎంత వేయించారు అని రెండే అడుగు. చెప్పలేకపోతే 250 గ్రాములు వద్దు, 100 గ్రాముల ప్యాకెట్ ఉంటే అదే తీసుకో. వచ్చే ఆదివారం మీ అమ్మతో వస్తే గ్లాసులో నీళ్లు పోసి చూపిస్తాను, రెండు ప్యాకెట్లూ పట్టుకురా.

మీ మామయ్య