బిడ్డా, నీ పేపర్ ముగింపు గురించి

బిడ్డా,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివిన. పద్ధతి, టేబుళ్లు బాగున్నయి, వాటి జోలికి పోను. ముగింపు దగ్గరే ఆగిపోయిన. పేపర్ ఇంగ్లీషులోనే ఉన్నా నేను తెలుగులోనే చెప్తా, ఎందుకంటే ఇది భాష గొడవ కాదు, ఏది తెలుసో ఏది తెలియదో తేల్చుకునే గొడవ.

నీ ముగింపులో మొదటి వాక్యం ఇది: "చెరువు మట్టి వేయడం వల్ల పత్తి దిగుబడి కొంతమేరకు పెరిగే అవకాశం ఉండవచ్చునని భావించబడుతోంది." ఇందులో "కొంతమేరకు", "అవకాశం", "ఉండవచ్చు", "భావించబడుతోంది" అని అనుమానం నాలుగు చోట్ల ఉంది, కానీ దేని గురించి అనుమానమో ఒక్క చోట కూడా లేదు. పైగా భావిస్తున్నది ఎవరు? నువ్వే కదా, మరి "మేం అనుకుంటున్నాం" అని రాయి. నిన్ను తప్పుపట్టడానికి అనడం లేదు, మొదటి పేపర్‌కి అందరికీ ఈ టెన్షన్ ఉంటుంది, రివ్యూయర్ ఏమంటాడో అని ప్రతి మాటకూ ఒక మెత్త కట్టేస్తాం. అయితే చదివేవాడికి అది జాగ్రత్తలా కనిపించదు, తప్పించుకుంటున్నట్టే కనిపిస్తుంది.

మా నాయనకు పరకాల దిక్కు చల్క భూమి ఉండేది. నేను కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో ఎరువుల మీద రాసిన ఒక పేపర్ ముగింపును ఆయనకు తెలుగు చేసి వినిపించిన. అంతా విని, "మరి వెయ్యమంటవా, వద్దంటవా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం తప్పు కాదు, కానీ ఎందుకు లేదో కూడా ఆ పేజీలో లేకపోవడం తప్పు. ఆ రోజు నుంచి ముగింపు రాసినప్పుడల్లా ఆయన ఎదురుగా కూర్చుని అడుగుతున్నట్టే రాస్తున్న.

ఇప్పుడు నీ అంకెలు తీసుకుందాం. రెండు ఊళ్లు, 40 చల్క చేన్లు, ఒకే వానకాలం. మిషన్ కాకతీయలో చెరువుల నుంచి తీసిన పూడిక మట్టి వేసిన 20 చేన్లలో ఎకరానికి సగటున 8.1 క్వింటాళ్లు, వేయని 20లో 6.8. తేడా 1.3 క్వింటాళ్లు, 95 శాతం విశ్వాస అంతరం 0.2 నుంచి 2.4. ఇది నువ్వు ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీలు చూసి రాసుకున్న లెక్క. ఇక్కడ అనుమానం ఎందుకు? "1.3 క్వింటాళ్లు ఎక్కువ వచ్చింది" అని నేరుగా రాయి. చూసినదాన్ని కూడా "కనిపిస్తోంది" అని రాస్తే, నిజంగా అనుమానం ఉన్న చోట ఆ మాటకు విలువ ఉండదు.

అసలు అనుమానం ఆ తర్వాత మొదలవుతుంది. నీ మూడో టేబుల్‌లో ఒక సంగతి ఉంది, ముగింపులో మాత్రం దాని ఊసే లేదు. మట్టి కొట్టించినవాళ్లలో 14 మందికి బోర్లున్నయి, కొట్టించనివాళ్లలో ఆరుగురికే. ట్రాక్టర్ కిరాయి పెట్టుకోగలిగినవాడికే బోరు కూడా ఉంటుంది, మన ఊళ్లలో ఇది చెప్పాల్సిన పని లేదు. అంటే ఆ 1.3లో మట్టిది ఎంత, నీళ్లది ఎంత? నువ్వే బోరు లేని చేన్లను విడిగా పోల్చినవు: మట్టి వేసినవి 6, వేయనివి 14, తేడా 0.7, అంతరం మైనస్ 1.0 నుంచి 2.4. దీన్ని "గణనీయమైన తేడా లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసినవు, అది పొరపాటు. ఆ అంతరం చెప్తున్నది ప్రభావం లేదని కాదు. ఒక క్వింటాలు నష్టం నుంచి దాదాపు రెండున్నర క్వింటాళ్ల లాభం దాకా ఏదైనా ఈ అంకెలకు సరిపోతుందని, 20 చేన్లతో ఇంతకంటే తేలదని. "లేదు", "తేలలేదు" ఒకటి కావు బిడ్డా, ముగింపులో వాటిని కలిపేస్తే రేపు ఇంకొకరు నీ పేపర్ చూపించి మట్టి వల్ల లాభం లేదని రాస్తారు.

ఇంకోటి, అనుమానం చెప్పినప్పుడు అది అంకెను ఎటు లాగుతుందో కూడా చెప్పు. బోర్ల సంగతి నీ 1.3ని ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆ ఏడు వానలు బాగా పడ్డయని రాసినవు కదా, అది బహుశా రెండో వైపు లాగుతుంది: చల్కలో పూడిక మట్టి చేసే పెద్ద పని తేమను పట్టి ఉంచడం, కాబట్టి వాన ఎగ్గొట్టిన ఏడు తేడా పెరగొచ్చు. ఇక్కడ "పెరగొచ్చు" సరైన మాటే, ఎందుకంటే నువ్వు కొలవలేదు. కొలవలేదన్న ముక్క పక్కనే పెట్టు. "కొన్ని పరిమితులు ఉన్నాయి" అని ఊరుకుంటే మాత్రం ఏ పరిమితి ఎంత బరువైనదో చదివేవాడు ఊహించుకోవాల్సి వస్తుంది.

నేనైతే ఇట్లా రాస్తా:

"రెండు ఊళ్లలో ఒక వానకాలం చూసిన 40 చల్క చేన్లలో, చెరువు మట్టి వేసిన వాటికి ఎకరానికి 1.3 క్వింటాళ్ల పత్తి ఎక్కువ వచ్చింది (0.2 నుంచి 2.4). మట్టి వేసిన రైతుల్లో బోర్లున్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఇందులో కొంత నీటి వల్ల వచ్చి ఉంటుంది. బోరు లేని 20 చేన్లలో తేడా 0.7 (మైనస్ 1.0 నుంచి 2.4), మట్టి ప్రభావం ఉందో లేదో వీటితో తేల్చలేం. వానలు తగ్గిన ఏడు తేడా పెరగవచ్చని మా అంచనా, దాన్ని మేం కొలవలేదు. రేగడి భూముల్లో మేం చూడలేదు, అక్కడ ఈ ఫలితాలు వర్తిస్తాయో లేదో చెప్పలేం. బోరు లేని రైతును అప్పు తెచ్చి మట్టి కొట్టించుకోమని చెప్పడానికి ఈ ఆధారం చాలదు."

చివరి వాక్యం చూసి భయపడకు. అదే మా నాయన అడిగినదానికి జవాబు. సొంత ట్రాక్టరున్న రైతుకు ఇంత ఆధారం చాలేమో, అప్పు తెచ్చేవాడికి చాలదు. ఆ తేడా చెప్పగలిగింది నువ్వే.

"మరిన్ని పరిశోధనలు అవసరం" అన్న వాక్యం కొట్టెయ్. దాని బదులు ఏం చేస్తే తేలుతుందో రాయి: బోరు లేని ఒక్కో చేనును రెండు సగాలు చేసి, ఏ సగంలో మట్టి వేయాలో బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించి, మంచి వానల ఏడూ కరువు ఏడూ రెండూ పడేలా కొన్ని వానకాలాలు చూడాలి. రైతు ఒకడే, నీళ్లు ఒకటే కాబట్టి బోరు గొడవ అక్కడితో పోతుంది.

అన్నట్టు, అబ్‌స్ట్రాక్ట్‌లో "చెరువు మట్టి దిగుబడిని పెంచింది" అని ఉంది. ముగింపు ఎంత జాగ్రత్తగా రాసినా చాలామంది చదివేది అదొక్కటే. "పెంచింది" అంటే కారణం మట్టే అని తీర్పు చెప్పినట్టు, "మట్టి వేసిన చేన్లలో ఎక్కువ వచ్చింది" అంటే చూసింది చెప్పినట్టు. అది మార్చి, బోర్ల సంగతి కూడా ఒక్క వాక్యం అక్కడ పెట్టి, ఆదివారం హన్మకొండ వచ్చేటప్పుడు ప్రింట్ తీసుకుని రా.

మీ పెద్దమ్మ