ఓకే అంటే సరేనా, సరే తియ్యా?

ప్రశ్న: "మాది కాజీపేట. బీటెక్ అయ్యాక హనుమకొండలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్‌లో చేరి నాలుగు నెలలైంది. మొన్న రివ్యూలో మా లీడ్ మేడమ్ పని బాగుందంటూనే, చాట్‌లో నా రిప్లైలు రూడ్‌గా ఉంటున్నాయన్నారు. నేను ఓకే, డన్, నో అని పొట్టిగా రాస్తాను, అంతే. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఓకేలో రూడ్ ఏముంది సార్?"

ఓకేలో ఏమీ లేదు. ఇబ్బంది అదే.

మన దగ్గర ఎవరైనా పని చెప్తే "సరే సార్" అంటాం, "సరే అక్కా" అంటాం, విసుగొస్తే "సరే తియ్" అంటాం. మూడింట్లోనూ ఒప్పుకోవడం ఒక్కటే. మర్యాద, చిరాకు అన్నీ ఆ వెనకొచ్చే ముక్కలోనూ గొంతులోనూ ఉంటాయి. చాట్‌లో ఉత్త ఓకే కొట్టగానే ఆ ముక్క రాలిపోతుంది. చదివేవాళ్లు ఆ ఖాళీని తమకు తోచినదాంతో నింపుకుంటారు. క్లయింట్ టెన్షన్‌లో ఉన్న లీడ్‌కి అది "సరే తియ్" లాగే వినిపిస్తుంది.

ఓకే పక్కన మీరు చుక్క కూడా పెడుతున్నారేమో చూసుకోండి. అమెరికాలోని బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో 126 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. ఫోన్ మెసేజ్‌లో ఒక్క మాట జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉంటే, అది మనస్ఫూర్తిగా అన్నట్టు లేదని వాళ్లకు అనిపించింది. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా కనిపించలేదు. చాట్‌లో మెసేజ్ పంపడంతోనే మాట అయిపోతుంది కదా, పైన చుక్క పెడితే "ఇంక మాట్లాడకు" అన్నట్టు తోస్తుందన్నమాట.

ఇప్పుడు మీలాంటి వాళ్ల రోజులో ఒక ముక్క తీసుకుందాం. మూడింటికి మేడమ్ అడిగారు: "క్లయింట్ కాల్ ఐదింటికి మారింది. ఆలోపు రిపోర్ట్ పంపగలవా?" మీరు "ఓకే." అన్నారు. మెసేజ్ చూశారని ఆమెకు తెలిసింది. ఎన్నింటికి వస్తుందో, మధ్యలో ఏదైనా ఆగిందో తెలియలేదు. అందుకే నాలుగూ ఇరవైకి "రిపోర్ట్?" అని మళ్లీ వస్తుంది. ఓకే అన్నాక కూడా అడుగుతున్నారేంటని మీకు చిరాకు. నిజానికి అలా రెండోసారి అడిగించుకోవడమే మీ జవాబు చాలలేదనడానికి గుర్తు. అదే ఇలా రాసి చూడండి: "సరే మేడమ్, నాలుగున్నరకల్లా పంపిస్తాను. లాగిన్ పేజీలో రెండు కేసులు మిగిలాయి." ఇందులో ప్లీజ్ లేదు, నవ్వు బొమ్మ లేదు. అయినా మెత్తగా ఉంది, ఎందుకంటే ఆమెకు కావాల్సింది దొరికింది. డన్ కూడా అంతే. ఏది అయింది, ఎక్కడ పెట్టారు అన్నది పక్కన చేరిస్తే చాలు.

నో మాత్రం నిజంగా కష్టమైనది. "ఇవాళ రిగ్రెషన్ కూడా అయిపోతుందా?" అంటే నో అని వదిలేయకండి. "ఇవాళ కుదరదు మేడమ్, పేమెంట్ టెస్టింగ్ సాయంత్రం దాకా ఉంది. రేపు పదకొండుకల్లా ఇస్తాను. ఇదే ముందు కావాలంటే పేమెంట్ పక్కన పెడతాను." అక్కడితో ఏది ముందన్న నిర్ణయం ఆమె చేతికి వెళ్లింది. కారణం ఒక్క వాక్యం దాటనివ్వకండి, దాటితే సాకులాగా ఉంటుంది.

నేనూ తక్కువేం తినలేదు. మొదటి ఉద్యోగంలో ఒక సహోద్యోగి, నాన్నను ఆసుపత్రిలో చేర్చాం, రెండు రోజులు రాలేనని రాస్తే నేను "నోటెడ్" అని పెట్టాను. ఆమె తిరిగొచ్చాక వారం రోజులు నాతో టీకి రాలేదు. "నాన్న జాగ్రత్త, ఇక్కడ పని మేం చూసుకుంటాం" అనడానికి ఎంతసేపు పడుతుంది?

అలాగని ప్రతిదానికీ పేరా రాయకండి. "మీటింగ్‌లో ఉన్నావా?" అంటే "అవును మేడమ్" చాలు. ఇరవై మంది ఉన్న గ్రూపులో సమాచారం పెడితే బొటనవేలి గుర్తే మేలు, ఇరవై ఓకేలు ఎవరు చదువుతారు? కానీ పని మీ ఒక్కరికే చెప్పినప్పుడు ఆ బొటనవేలు "చూశాను" అని మాత్రమే చెప్తుంది, "చేస్తాను" అని కాదు. సారీలు, మూడేసి ఆశ్చర్యార్థకాలు కూడా వద్దు, భయపడుతున్నట్టు ఉంటాయి.

ఇంకొకటి. మేడమ్ మీకు ఉత్త ఓకే పెడితే కోపమనుకోకండి. పదిమందికి జవాబిచ్చే మనిషి ఒకే ఒక్కరికి ఇచ్చే మనిషిలా రాయలేదు. అనుమానం పోకపోతే చాట్‌లో తవ్వకుండా ఆమె సీటు దగ్గరికి వెళ్లి అడగండి. అప్పుడే రివ్యూ సంగతి కూడా ఎత్తి, "మీరు చెప్పాక నా రిప్లైలు చూసుకున్నాను మేడమ్, పొట్టిగా రాయడం అలవాటైపోయింది. ఇకనుంచి టైమ్ కూడా రాస్తాను" అనండి. ఇది మాత్రం మెసేజ్‌లో పెట్టకండి.