ఐదు ఆవుల డెయిరీ లోనుకు బ్యాంకు మేనేజరుకు లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బోరు కింద మూడెకరాలుంది. ఐదు ఆవులు పెట్టుకుందామని లోను అడగబోతున్నా, మేనేజరుకు లెటర్ రాసి తెమ్మన్నారు. ఎవరైనా రాసినవాళ్లుంటే ఏం రాయాలో చెప్పండన్నా.

జవాబు:

మాది కళ్యాణదుర్గం వైపు. రెండేళ్ల కిందట నేనూ ఇదే రాశా, మొదటిసారి వెనక్కొచ్చింది. ఎందుకొచ్చిందో ముందు చెప్తా, లెటర్ తర్వాత ఇస్తా.

మొదటి లెటర్లో నేను వేసిన లెక్క ఇది. ఐదు ఆవులు, ఒక్కోటి రోజుకు 14 లీటర్లు, లీటరు 34 రూపాయలు, అంటే నెలకు 71,000 పైనే. మేనేజరు చదివి ఒకటే అడిగాడు: "ఐదూ ఒకేసారి కొంటారు, ఐదూ ఒకేసారి వట్టిపోతాయి కదా, ఆ మూడు నెలలు వాయిదా ఎక్కడి నుంచి కడతారు?" నా దగ్గర జవాబు లేదు. ఆవు ఈనిన మూడు నాలుగు నెలలకు చూడి కడుతుంది, ఆపైన తొమ్మిది నెలల చిల్లర మోస్తుంది. అంటే ఈతకూ ఈతకూ మధ్య అంతా బాగుంటేనే దాదాపు 400 రోజులు, అందులో పాలిచ్చేది 300 రోజులనుకోండి. మిగతా వంద రోజులు మేత మనది, పాలు సున్నా. ఇది పల్లెలో అందరికీ తెలిసిందే, కానీ కాగితం మీద లెక్క వేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు, నాతో సహా.

14 లీటర్ల మాట కూడా సంతలో అమ్మేవాడు చెప్పిందే. ముందురోజు సాయంత్రం పాలు పిండకుండా పొదుగులో వదిలేసి, పొద్దున మన ముందు పిండి చూపిస్తారు. వరసగా మూడు పూటలు మనమే దగ్గరుండి పిండించి చూస్తే గానీ నిజం తెలియదు. ఈత మొత్తం మీద సగటు చూస్తే మా దగ్గర సంకర జాతి ఆవుకు 10 లీటర్లు రావడమే బాగా వచ్చినట్టు.

అందుకే రెండోసారి లెటర్లో ఆవులను రెండు విడతలుగా కొంటానని రాశా. ముందు మూడు, ఐదారు నెలల తర్వాత రెండు. మొదటి మూడు వట్టిపోయే సమయానికి తర్వాతి రెండు పాల మీద ఉంటాయి, వాయిదా ఆగదు. లోను కూడా రెండు విడతల్లోనే ఇమ్మని మనమే అడిగితే బ్యాంకుకు సగం టెన్షన్ పోతుంది. నేను ఇచ్చింది దాదాపు ఇలాగే ఉంటుంది, ఊరి పేర్లూ అంకెలూ మీవి వేసుకోండి:

మేనేజరు గారికి,
నమస్కారం. నేను ఫలానా గ్రామ రైతును. నా పేరున 3 ఎకరాల బోరు పొలం ఉంది, మీ శాఖలోనే 8 ఏళ్లుగా ఖాతా ఉంది. ఇంట్లో ఇప్పుడు ఒక ఆవు ఉంది, దాని పాలు మా ఊరి పాల కేంద్రానికి పోస్తున్నాను. గత ఆరు నెలల పాల బిల్లులు జత చేశాను. పంట లోను ఒకటి ఉంది, పోయిన ఏడాది రెన్యూవల్ చేయించాను.
ఐదు సంకర జాతి పాడి ఆవులతో డెయిరీ పెట్టుకోవాలని ఉంది. ఆవులకు 3,50,000, షెడ్డుకు 80,000, గడ్డి కత్తిరించే మిషను, పాల క్యాన్లకు 35,000, రవాణా, బీమాకు 25,000, మొత్తం 4,90,000 రూపాయలు అవుతుంది. ఇందులో 90,000 నేను పెట్టుకుంటాను. మిగతా 4,00,000 లోనుగా ఇప్పించమని కోరుతున్నాను. మొదట షెడ్డుకు, మూడు ఆవులకు, ఆరు నెలల పాల బిల్లులు చూశాక మిగతా రెండు ఆవులకు డబ్బు విడుదల చేయవచ్చు.
వట్టిపోయిన రోజులు తీసేస్తే ఐదింటిలో సగటున నాలుగుకు కొంచెం తక్కువ ఆవులే పాల మీద ఉంటాయి. రోజుకు 37 లీటర్ల లెక్కన నెలకు దాదాపు 38,000 వస్తుంది. దాణా, ఎండు మేత, మందులు, కరెంటుకు 24,000 పోతుంది. మిగిలే 14,000లో నెలకు 8,600 వరకు వాయిదా కట్టగలను. అర ఎకరాలో సూపర్ నేపియర్ గడ్డి వేశాను, ఎండు మేతకు వేరుశనగ కట్టె, జొన్న చొప్ప సొంతవే ఉన్నాయి. పాల డబ్బు 15 రోజులకోసారి మీ శాఖలోని నా ఖాతాలోనే పడేలా పాల కేంద్రం నుంచి కాగితం తెస్తాను.
ఇట్లు, (సంతకం)

దాణా లెక్క ఎలా వచ్చిందని అడుగుతారు, నోటికి రావాలి. పది లీటర్లిచ్చే ఆవుకు రోజుకు 5 కిలోలు (ఒంటికి కిలోన్నర, ఆపైన ప్రతి మూడు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున), వట్టి ఆవుకు 2 కిలోలు. కిలో 28 చొప్పున ఐదింటికీ కలిపి నెలకు 18,000 దాకా అవుతుంది. 8,600 వాయిదా ఐదేళ్లకు, పదిన్నర శాతం వడ్డీకి వేసింది. మీ బ్యాంకు రేటు వేరేగా ఉంటే మార్చుకోండి. మిగిలే ఐదు వేల చిల్లరలో మన కూలి కూడా లేదు, అది మనసులో పెట్టుకోండి. అయినా 71,000 చూసి నమ్మనాయన 38,000 చూసి నమ్మాడు.

పంట లోను, బంగారం లోను ఏదున్నా దాచొద్దు. కంప్యూటర్లో అన్నీ కనిపిస్తాయి, మనం ముందే రాస్తే అది మనకే మంచిది. తాకట్టు సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. 2025 జనవరి నుంచి వ్యవసాయం, దాని అనుబంధ లోన్లకు 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, మనం అడిగేది 4 లక్షలు కాబట్టి పొలం అడిగే అవకాశమే ఎక్కువ. నేను ఎకరన్నర పెట్టా. ఇంట్లో అన్నదమ్ములతో భాగాలు తేలకుండా పాసుపుస్తకం నాన్న పేరుమీదే ఉంటే మాత్రం లెటర్ కంటే ముందు ఆ పని చూసుకోండి, చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

జత చేయాల్సినవి పాసుపుస్తకం, 1బి, అడంగల్, ఆధార్, పాల బిల్లులు, షెడ్డుకూ మిషనుకూ కొటేషన్లు. ఆవుల రేటుకు మీ మండలం పశువుల డాక్టరుతో ఒక కాగితం రాయించుకోండి, కొన్నాక చెవి ట్యాగు వేసి బీమాకు సర్టిఫికెట్ ఇచ్చేదీ ఆయనే. ట్యాగు ఊడిపోతే ఆరోజే చెప్పి కొత్తది వేయించాలి, ట్యాగు లేని ఆవు చనిపోతే బీమా డబ్బు రావడం కష్టం. పాల బిల్లులు లేకపోతే? ఒక్క ఆవుతోనైనా మూడు నాలుగు నెలలు కేంద్రానికి పోసి, ఆ తర్వాతే లెటర్ ఇవ్వండి.

లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. నా మొదటిదానికి అది లేక, తర్వాత వెళ్తే "మీరెప్పుడిచ్చారు?" అన్నారు.