హెడ్డాఫీసు పంపిన ఇంగ్లిష్ క్యాప్షన్‌ను బతుకమ్మకు తెలుగు చేయడం: ఎక్కడ ఏది మార్చాలి?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్‌లో చీరల షోరూం. పండుగ క్యాంపెయిన్ అంతా ఇంగ్లిష్‌లోనే వచ్చింది: "డ్రేప్ ద గ్లో ✨🔥 ఫ్లాట్ 20% ఆఫ్ ఆన్ హ్యాండ్‌లూమ్స్. షాప్ నౌ, లింక్ ఇన్ బయో 💃 #DrapeTheGlow #FestiveVibes". దీన్ని తెలుగు చేసి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్, ఎక్స్ అన్నిట్లో పెట్టమన్నారు. అనువదిస్తే మనిషి మాట్లాడినట్టు లేదు. ఎమోజీలు, హ్యాష్‌ట్యాగ్‌లు అట్లనే ఉంచాలా?

జవాబు:

ముందు ఆ ఇంగ్లిష్‌లో చెప్పకుండా వదిలేసినవి ఏమిటో చూడండి. "ఫ్లాట్ 20% ఆఫ్ ఆన్ హ్యాండ్‌లూమ్స్" అన్నదాంట్లో క్రియ లేదు, గడువు లేదు, షోరూంలోనా వెబ్‌సైట్‌లోనా అన్నది లేదు. ఇంగ్లిష్ ప్రకటనకు అది చెల్లుతుంది. తెలుగులో వాక్యం పూర్తి చేయబోతే ఆ ఖాళీలన్నీ బయటపడతాయి. కాబట్టి హెడ్డాఫీసును మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఏ చీరల మీద, ఏ తేదీ దాకా, ఎక్కడ కొంటే. "హ్యాండ్‌లూమ్" సంగతి ప్రత్యేకంగా అడగండి. ఆ ఆఫర్లో మరమగ్గం చీరలు కూడా ఉంటే మీరు "చేనేత" అని రాయకూడదు. గద్వాల, నారాయణపేట దగ్గరున్న మన దగ్గర కొంగు తిప్పి చూసి తేడా చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. మొదటి కామెంటే అదై ఉంటుంది.

ఇక "డ్రేప్ ద గ్లో". దీన్ని "పండుగ వెలుగులను ధరించండి" అని రాస్తేనే మనిషి మాట్లాడినట్టు ఉండదు. చీరను మనం కట్టుకుంటాం, వెలుగును కట్టుకోం. ఆ ఇంగ్లిష్ వాక్యం చేసే పని ఒక్కటే: పండుగ వస్తోంది, కొత్త చీర కావాలి అని గుర్తుచేయడం. అక్కడ పండుగకు పేరు లేదు, ఎందుకంటే దేశమంతటికీ ఒకటే క్యాప్షన్. మీకు పేరుంది. బతుకమ్మ అనండి. ఆ పేరుతో పాటు చీర కొనే అసలు కారణం కూడా వచ్చేస్తుంది: సద్దుల నాడు కట్టుకోవడానికి, పుట్టింటికొచ్చే ఆడబిడ్డకు పెట్టడానికి.

ఈ రెండు కారణాలనే రెండు వేదికలకు పంచండి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసేది ఎక్కువగా కట్టుకునే మనిషి. ఫేస్‌బుక్‌లో అన్నదమ్ములు, తండ్రులు, పెద్దవాళ్లు కూడా చదువుతారు, వాళ్లు చీర పెట్టేవాళ్లు. అందుకే ఒక దాన్ని రెండో చోట అతికించడం కాదు, పిలుపే మారాలి.

ఇన్‌స్టాగ్రామ్‌కు ఇట్లా:

"సద్దుల బతుకమ్మకు చీర తీసుకున్నరా అక్కా? 🌼
గద్వాల, నారాయణపేట చేనేత చీరలు కొత్తవి వచ్చినయ్. ఏ చీర తీసుకున్నా 20% తగ్గింపు, అక్టోబర్ 15 దాకా.
ఫొటోలు, ధరలు చూడాలంటే లింక్ బయోలో ఉంది.
#DrapeTheGlow #Bathukamma #GadwalSaree #బతుకమ్మ"

ఫేస్‌బుక్‌కు ఇట్లా:

"పండుగకు పుట్టింటికొచ్చే ఆడబిడ్డకు ఈసారి గద్వాల చీర పెట్టండి. నూలు చీర, పట్టు అంచు, పట్టు కొంగు. గద్వాల, నారాయణపేట చేనేత చీరలన్నిటి మీద అక్టోబర్ 15 వరకు 20% తగ్గింపు ఉంది. మా మహబూబ్‌నగర్ షోరూం ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది. 🌼 #DrapeTheGlow"

తేదీ, వేళలు నమూనాకు వేసినవి, మీవి పెట్టుకోండి. ఎదురుగా బస్టాండో బ్యాంకో ఏదుంటే ఆ గుర్తు కూడా ఫేస్‌బుక్‌లో రాయండి. మెటా బిజినెస్ సూట్‌లో ఒకే పోస్టుకు ఫేస్‌బుక్‌కు ఒక వచనం, ఇన్‌స్టాగ్రామ్‌కు ఇంకో వచనం పెట్టే వీలుంది. అది వాడకుండా ఒకటే వచనం రెండు చోట్లా వదిలితే ఫేస్‌బుక్‌లో "లింక్ బయోలో ఉంది" అని మిగిలిపోతుంది. అక్కడ లింకు నొక్కితే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో తెరుచుకోదు. ఇంకొకటి: ఫేస్‌బుక్‌లో లింకు ఒక్కటే పెడితే దాని కింద వచ్చే కార్డు వెబ్‌సైట్‌లోని ఇంగ్లిష్ శీర్షికనే తెచ్చి చూపిస్తుంది. చీర ఫొటో ఎక్కించి, లింకును వచనంలో రాయడం మేలు.

మన మాట వాడాలంటే చాలామంది "మస్తు", "శాన", "జబర్దస్త్" చల్లుతారు. దాని కింద వాక్యమంతా పత్రిక భాషే ఉంటుంది: "మస్తు చీరలు విచ్చేశాయి". ఇది ఎవరి నోటా వినబడని తెలుగు. పేర్లూ విశేషణాలూ ముట్టకుండా క్రియ ఒక్కటి మార్చి చూడండి. "వచ్చాయి" బదులు "వచ్చినయ్", "తీసుకున్నారా" బదులు "తీసుకున్నరా". ఒక్క దీర్ఘం తీసేస్తే వాక్యం పాలమూరుకు వచ్చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఇది నప్పుతుంది. ఫేస్‌బుక్‌లో గడువు, షరతులు, చిరునామా చెప్పే వాక్యాలను మామూలు రాత తెలుగులో ఉంచుతాను, అక్కడ స్పష్టతే ముఖ్యం. ఒక పోస్టులో ఒక పద్ధతే ఉండాలి. "వచ్చినయ్" అని మొదలుపెట్టి "విచ్చేయండి" అని ముగించొద్దు.

"షాప్ నౌ"కు "ఇప్పుడే షాపింగ్ చేయండి" వద్దు. చదివినవాళ్లు తర్వాత చేయాల్సిన పని ఏదో అదే చెప్పండి: షోరూంకు రండి, ఈ నంబర్‌కు మెసేజ్ పెట్టండి, లింకులో ధర చూడండి. "అప్ టు 50%" లాంటి ఆఫర్ వస్తే జాగ్రత్త. తెలుగులో అంకె ముందు వస్తుంది, "వరకు" తర్వాత వస్తుంది. వరుస అక్కడే విరిగితే పై వరుసలో "50%" ఒక్కటే కనబడుతుంది, షోరూంలో గొడవ మీ కౌంటర్ మీద పడుతుంది. "50% వరకు" అన్నది ఒకే వరుసలో ఉండేట్టు ముందు మాటలు తగ్గించుకోండి.

హ్యాష్‌ట్యాగ్‌ల దగ్గర తెలుగుకున్న చిక్కు వేరు. ఇంగ్లిష్‌లో ట్యాగ్‌ను వాక్యం మధ్యలో పెట్టినా దాని రూపం మారదు. మనకు విభక్తి అంటుకుంటుంది. #బతుకమ్మకు, #బతుకమ్మలో, #బతుకమ్మ అనేవి మూడు వేరు ట్యాగ్‌లు, మొదటి రెండూ ఎవరూ వెతకరు. అందుకే వాక్యంలో ట్యాగ్ పెట్టకండి, చివర విడిగా పెట్టండి. రెండు మాటలు కలిపితే ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలు విడదీసి చూపిస్తాయి, తెలుగులో ఆ వీలు లేదు. కలపాల్సి వస్తే కింది గీత వాడండి: #గద్వాల_చీరలు. మూడో మాట కలపొద్దు.

ఊరి పేరును మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టమంటాను. మహబూబ్‌నగర్ అని సరిగా టైప్ చేస్తే "బ్" తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు, వేయనప్పుడు "న" ఒత్తుగా కిందికి పోతుంది. పోస్టులు రెండు ట్యాగ్‌ల కింద చీలిపోతాయి. ఇంగ్లిష్‌లో కూడా #Mahabubnagar, #Mahbubnagar రెండూ ఉన్నాయి. రెండూ వెతికి చూసి, మీ ఊరి పోస్టులు ఎక్కువున్నది ఒకటి ఎంచుకుని ఎప్పుడూ అదే వాడండి. #DrapeTheGlow ముట్టొద్దు, తెలుగు చేయొద్దు: హెడ్డాఫీసు క్యాంపెయిన్ పోస్టులను వెతికేది దానితోనే. #FestiveVibes తీసేయండి, మీ చీరకూ ఊరికీ దానితో సంబంధం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు నుంచి ఐదు, ఫేస్‌బుక్‌లో ఒకటి, ఎక్స్‌లో రెండు చాలు. వాట్సాప్‌లో అసలు వద్దు.

ఎమోజీల్లో ముందు 🔥 తీసేయండి. ఇంగ్లిష్‌లో అది "అదిరింది" అని చెబుతుంది. బట్టల కొట్టు పోస్టులో మంట బొమ్మను మన పెద్దవాళ్లు అట్లా చదవరు. 💃లో ఉన్నది ఎర్ర గౌను వేసుకుని ఒంటరిగా ఆడే మనిషి, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లు కాదు. తంగేడు, గునుగు పూలకు ఎమోజీ లేదు, 🌼 దగ్గరగా ఉంటుంది. గుమ్మడి పువ్వుకని 🎃 పెట్టొద్దు, అది దయ్యం ముఖం. అన్నిటికన్నా పెద్ద పొరపాటు 💐🙏 జంట. విడివిడిగా రెండూ మంచివే. కలిస్తే మన ఫేస్‌బుక్‌లో అది "ఓం శాంతి" పోస్టుల ముద్ర. తగ్గింపు పోస్టు చివర అది కనబడితే చదివేవాళ్ల గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

చీర 🥻, దీపం 🪔 రెండూ 2019లో చేరిన ఎమోజీలు. అంతకు ముందటి సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్న ఫోన్లలో ఖాళీ డబ్బా కనబడొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాడుకోండి, ఊళ్లకు పోయే వాట్సాప్ మెసేజ్‌లో వద్దు. ఎమోజీని మాట బదులు కూడా వాడొద్దు: "ఈ 🥻కు 20%" అంటే డబ్బా వచ్చిన ఫోనులో వాక్యమే పోతుంది.

వాట్సాప్ మెసేజ్ ఫార్వర్డ్ అవుతూ పోతుంది, మీ పేజీ దానితో పాటు పోదు. కాబట్టి షోరూం పేరు, ఊరు, తేదీ వచనంలోనే ఉండాలి. "ఈ ఆదివారం" అని రాస్తే ఆ మెసేజ్ పై వారం కూడా తిరుగుతూ జనాన్ని తెస్తుంది. పై వరుసను బొద్దుగా చేయడానికి నక్షత్రాల మధ్య పెట్టండి, విభక్తిని నక్షత్రం బయట వదలకండి: *బతుకమ్మకు 20% తగ్గింపు*. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపితే మీ నంబర్‌ను సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. బిల్లు ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని అడగడం అందుకే.

ఎక్స్‌లో 280 హద్దు తెలుగుకు అనిపించినంత పెద్దది కాదు. గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడిగా లెక్కకు వస్తాయి. "తగ్గింపు" కంటికి మూడు అక్షరాలు, లెక్కకు ఎనిమిది. లింకుకు 23, ఎమోజీకి 2 పోతాయి. పై ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లోని మొదటి రెండు వరుసలు, లింకు, రెండు ట్యాగ్‌లు పెట్టి ఆపేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో హద్దు 2,200 కాబట్టి చోటుకు ఇబ్బంది లేదు, కానీ ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే కనబడతాయి. చీర, పండుగ ఆ వరుసల్లోనే ఉండాలి.

హెడ్డాఫీసు రోజుకో పోస్టు చొప్పున తొమ్మిది రోజుల కౌంట్‌డౌన్ పంపితే క్యాలెండర్ కూడా సరిచేయాలి. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు పడుతుంది, మన ఇళ్లలో అది పెత్రమాస, పెద్దలకు పెట్టుకునే రోజు. ఉదయం పూట తగ్గింపు పోస్టు వేయకుండా సాయంత్రం పూలతో మొదలుపెట్టండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు. "ఈ రోజు బతుకమ్మ ఆడుదాం రండి" అని ముందే షెడ్యూల్ చేసిన పోస్టు ఉంటే దాన్ని ఏడో రోజుకు జరపండి, ఆరో రోజు చీర అంచు దగ్గరి ఫొటో ఒకటి పెట్టి ఊరుకోండి.