పంపే ముందు ఆ బిల్లు మళ్లీ చూడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

బెంగళూరు కంపెనీకి పంపబోయే బిల్లు చూశాను. వాళ్ల కొత్త ఆఫీసు ఇంటీరియర్ డిజైనుకు 60,000 రూపాయలని శుభ్రంగానే రాశావు. కానీ ఇది ఇలాగే వెళితే డబ్బు త్వరగా రాదు. ఇరవై ఏళ్లు ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఇలాంటి బిల్లులు అందుకున్నవాడిని కనుక చెబుతున్నాను.

నీకు పని అప్పగించిన మేనేజరు నీ బిల్లును అకౌంట్స్‌కు పంపుతాడు, అంతే. అక్కడివాళ్లు మొదట వెతికేది పర్చేజ్ ఆర్డర్ నంబరు, అంటే పని అప్పగిస్తూ కంపెనీ ఇచ్చే ఆర్డరు మీది నంబరు. నీ బిల్లులో అది లేదు. ఏ ఆర్డరుదో తెలియని బిల్లును పక్కన పెడతారు, ఆ సంగతి నీకు ఎవరూ చెప్పరు. నెల తర్వాత నువ్వు అడిగితే బయటపడుతుంది. అప్పుడు సరిచేసి పంపితే గడువును ఆ తేదీ నుంచి కొత్తగా లెక్కిస్తారు. అలాగే, కంపెనీని అందరూ పిలిచే పేరు రాశావు. ఆర్డరు మీద ఉన్న పూర్తి పేరు, చిరునామా అక్షరం పొల్లుపోకుండా రాయి.

పాన్ నంబరు కూడా మరిచావు. అది ఉంటే టీడీఎస్ కింద వాళ్లు ముందే పట్టుకునే 10 శాతం పన్ను పోగా 54,000 వస్తుంది. లేకపోతే 20 శాతం కోస్తారు, చేతికి 48,000 మాత్రమే. నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు గనుక ఆ పన్ను వేయకపోవడం సరైనదే. అయితే రిజిస్ట్రేషన్ లేదని ఒక వాక్యం రాయి, లేకపోతే నంబరు ఏదని అడుగుతూ వెనక్కి పంపుతారు.

నాకు అన్నిటికంటే దిగులు కలిగించింది '30 రోజుల్లో చెల్లించాలి' అన్న వాక్యం. ఏ రోజు నుంచి 30? నువ్వు బిల్లు తేదీ అనుకుంటావు, వాళ్లు మేనేజరు ఆమోదించిన రోజు అంటారు. ఆ ఆమోదానికి గడువే లేకపోతే నీ 30 రోజులు ఎప్పటికీ మొదలుకావు. 'డ్రాయింగులు అందిన 7 రోజుల్లో అభ్యంతరాలు రాతపూర్వకంగా తెలపాలి, తెలపకపోతే ఆమోదించినట్టే. బిల్లు అందిన తేదీ నుంచి 30 రోజుల్లో చెల్లించాలి' అని ఒప్పందంలోనే రాయించుకో. బిల్లులో ఒక్కదానివే రాసుకుంటే వాళ్లు కట్టుబడనవసరం లేదంటారు.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా పని మొదలుపెట్టే ముందే చేయించుకోవాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా చెల్లింపును 45 రోజులు మించి ఆపకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఉద్యమ్ నంబరు బిల్లు మీద కనిపిస్తే అకౌంట్స్‌వాళ్లు గడువును పట్టించుకుంటారు.

చివరగా బ్యాంకు వివరాలు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఐదో స్థానంలో ఉండేది సున్నా, నువ్వు O అక్షరం కొట్టావు. ఖాతాదారు పేరు కూడా పాస్‌బుక్కు చూసి రాయి. సరిచేసిన బిల్లును ఆర్డరు కాపీతో కలిపి రేపు నాకు పంపు, ఇంకోసారి చూస్తాను.

పెదనాన్న