పదేళ్ల అనుభవం, ఆరు పేజీల రెజ్యూమె: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

ప్రశ్న: జావాలో పదేళ్లయింది, మూడు కంపెనీలు, తొమ్మిది ప్రాజెక్టులు. రెజ్యూమె ఆరు పేజీలైంది. ఒక పేజీ చాలని కొందరు, అన్నీ ఉండాలని కొందరు అంటున్నారు. ఏం తీసేయాలి?

జవాబు: రెండు పేజీలు చేయండి. పదేళ్లను ఒక పేజీలో ఇరికిస్తే చేసిన పని కనబడదు, మూడో పేజీ దాకా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. హైదరాబాద్‌లో మా టీమ్‌కి ఇంటర్వ్యూలు చేస్తుంటాను, నేనైతే మొదటి పేజీ మీదే ప్రశ్నలు రాసుకుంటాను.

ముందు తేలిగ్గా పోయేవి తీసేయండి. నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, టెన్త్ మార్కులు, చివర్లో ఆ డిక్లరేషన్, సంతకం. వీటికే అర పేజీ పోతుంది.

అసలు బరువంతా ప్రాజెక్టుల్లో ఉంటుంది. ఈ మధ్య మా పిన్ని కొడుకు రెజ్యూమె చూశాను, ప్రతి ప్రాజెక్టు కిందా క్లయింట్ గురించి ఒక పేరా, ఆ కింద కోడింగ్, యూనిట్ టెస్టింగ్, డిఫెక్ట్ ఫిక్సింగ్ అంటూ అవే లైన్లు. పదేళ్ల సీనియర్ కోడ్ రాస్తాడని చెప్పడమెందుకు? వాడితో కూర్చుని ఒక్కో లైన్‌కీ "నువ్వు చేరకముందు ఎలా ఉండేది, తర్వాత ఏం మారింది" అని అడిగితే, ఒక బ్యాంకు ప్రాజెక్టులో రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ ఆరు గంటలు పట్టేదని, క్వెరీలు మార్చి ఇండెక్సులు పెట్టాక రెండు గంటల్లోపు అయిపోతోందని చెప్పాడు. అది రెజ్యూమెలో ఎక్కడా లేదు! పాత ఎనిమిది లైన్లు కొట్టేసి ఆ ఒక్కటి పెట్టించాను.

స్థలం పంచేటప్పుడు ఇప్పటి ఉద్యోగానికి దాదాపు ఒక పేజీ ఇవ్వండి, దాని ముందుదానికి నాలుగైదు లైన్లు. మొదటి కంపెనీకి పేరు, హోదా, తేదీలు, ఒక్క లైన్ చాలు. ప్రాజెక్టులు ఎన్నయినా తీసేయొచ్చు గానీ కంపెనీని మాత్రం తీయకండి, తేదీలూ సర్దకండి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డుతో పోల్చి చూస్తే దొరికిపోతారు. స్కిల్స్‌లో స్ట్రట్స్, ఎస్‌వీఎన్ లాంటి పాతవి ఆ ఉద్యోగానికి అడిగితేనే ఉంచండి. అక్కడ రాసిన ప్రతి పేరు మీదా ప్రశ్న రావచ్చు.

పేజీలు తగ్గించాలని ఫాంటు ఎనిమిదికి దించడం, రెండు కాలమ్స్ టేబుల్ పెట్టడం వద్దు. ఫైల్లోదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, అక్కడ కంపెనీ పేరు ఒకచోట, తేదీలు ఇంకోచోట పడితే జాబ్ పోర్టల్ సాఫ్ట్‌వేర్ కూడా తప్పుగా చదివే అవకాశం ఉంది.

అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలకు మనవాళ్లు పంపే ఏడెనిమిది పేజీల రెజ్యూమెల లెక్క వేరు. అక్కడ కన్సల్టెన్సీలు ప్రాజెక్టువారీగా వివరాలు అడుగుతాయి. మీ ఆరు పేజీల ఫైలు అందుకోసం పక్కన దాచుకోండి, ఇక్కడి కంపెనీలకు మాత్రం పంపకండి.